థాంక్స్ ఒకరోజు, రివ్యూ ఇంకోరోజు

మా బావమరిది విజయవాడ పక్కన పోరంకిలో ఇంటీరియర్ పనులు చేయిస్తాడు. వంటగదులు, కప్‌బోర్డులు, టీవీ యూనిట్లు. చేతికింద నలుగురు కార్పెంటర్లున్నారు. పోయినేడు ఒక సాయంత్రం ఫోన్ చేసి, "బావా, ఒక మెసేజ్ పంపిస్తున్నా, తెలుగు సరిగ్గా ఉందో లేదో చూడు" అన్నాడు. తెలుగు బాగానే ఉంది. మిగతాదే బాగాలేదు.

ఆ మెసేజ్ ఒక రిటైర్డ్ టీచరుగారికి. పాత ఇంట్లో వంటగట్టు పగలగొట్టి కొత్తది కట్టించి, కింద అరలు, పైన అరలు, మూడు బెడ్‌రూమ్ కప్‌బోర్డులు. మొత్తం 4,60,000 రూపాయల పని. 48 రోజులన్నది 57 రోజులు పట్టింది. షట్టర్లకు తెప్పించిన లామినేట్ షేడ్ తేడా వస్తే వెనక్కి పంపి మళ్లీ తెప్పించారు. బిల్లులో చివరి పది శాతం, అంటే 46,000, పని అప్పగించాక ఇవ్వాలని ముందే ఒప్పందం. మావాడు రాసింది ఇది:

"మాస్టారూ, నమస్తే. మీ ఇంటి పని పూర్తయింది. మాకు అవకాశం ఇచ్చినందుకు హృదయపూర్వక ధన్యవాదాలు. మా పని మీకు నచ్చిందని భావిస్తున్నాం. దయచేసి ఈ లింకు నొక్కి మాకు 5 స్టార్ రివ్యూ ఇవ్వగలరు. మీ ఒక్క మాట మా ఎదుగుదలకు మెట్టు. బ్యాలెన్స్ 46,000 వీలు చూసుకుని పంపగలరు."

ఇందులో కృతజ్ఞత ఉంది, విన్నపం ఉంది, బాకీ ఉంది. మూడూ ఒకే కవర్లో పెడితే చదివేవాడికి చివరిదే కనిపిస్తుంది. అది చూశాక మొదటిది నిజం కాదేమోనన్న అనుమానం వస్తుంది. డబ్బు ఇంకా చేతిలో ఉన్న మనిషిని మెచ్చుకోలు అడిగితే బేరంలా ఉంటుంది. పైగా అయిదు చుక్కలని మనమే లెక్క చెప్పేస్తే ఇక ఆయన అభిప్రాయం ఎక్కడుంది?

"మరి ఎలా అడగాలి?" అన్నాడు. "ఇవాళ అడగకు. ఇవాళ థాంక్స్ చెప్పి ఊరుకో. బాకీ సంగతి బిల్లు కాగితం మీద విడిగా పంపు" అన్నాను.

థాంక్స్ చెప్పడం తేలికని మనమనుకుంటాం గానీ, తెలుగులో దానికి కొంచెం చిక్కుంది. ధన్యవాదాలు అన్నమాట సభల్లో మైకు ముందు పుట్టినట్టుంటుంది, ఇంట్లో ఎవరూ వాడరు. నోటితో థాంక్సండీ అంటాం. మెసేజ్‌లోకి వచ్చేసరికి ఎక్కడలేని గ్రాంథికం ముంచుకొస్తుంది. మన పెద్దవాళ్లు మాత్రం ఏ మాటా వాడకుండానే కృతజ్ఞత చెప్పేవాళ్లు: "ఆరోజు నువ్వు బండి పంపబట్టి పెళ్లివాళ్లు టైముకొచ్చారు." అవతలివాళ్లు చేసిన ఒక పనిని పేరుపెట్టి చెప్పడం, అంతే.

అందుకని మావాణ్ని అడిగాను, ఈ 57 రోజుల్లో మాస్టారుగారు నీకు చేసిన మేలేంటి అని. కాసేపు ఆలోచించాడు. లామినేట్ వెనక్కి పంపినప్పుడు ఆయన అరవలేదట. అమ్మగారు స్టవ్వును వరండాలో పెట్టుకుని అన్నిరోజులూ అక్కడే వండుకున్నారట. పనివాళ్లకు రోజూ పదకొండింటికి మజ్జిగ. ఇంకేం కావాలి? మెసేజ్ ఇలా మారింది:

"మాస్టారూ, నిన్నటితో మన పని పూర్తయింది. షట్టర్లు మార్చాల్సొచ్చి తొమ్మిది రోజులు ఆలస్యమైనా మీరు ఓపిక పట్టారు. అమ్మగారు ఎండలో వరండాలో వండుకుంటూ కూడా మా పిల్లలకు మజ్జిగ మర్చిపోలేదు. వాళ్లు ఇవాళ కూడా ఆ మాటే అనుకున్నారు. వారంటీ కార్డులు, లామినేట్ నంబరు రాసిన కాగితం వంటగదిలో మొదటి సొరుగులో పెట్టాను. మూడు వారాల తర్వాత ఒకసారి వచ్చి తలుపులన్నీ సరిచూసి వెళ్తాను."

ఇందులో అడగడం ఎక్కడా లేదు. లామినేట్ నంబరు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నాలుగేళ్ల తర్వాత ఒక షట్టరు దెబ్బతింటే అదే షేడ్ వెతకడానికి ఆ కాగితమే దిక్కు. పని అయిపోయాక కూడా తమను తలుచుకుంటున్నాడని ఇంటివాళ్లకు అర్థమయ్యేది ఇలాంటి వాటితోనే. 46,000 రెండో రోజుకే వచ్చింది, ఎవరూ గుర్తుచేయలేదు.

ఆ మూడు వారాలు మర్యాద కోసం పెట్టిన గడువు కాదు. కొత్త అరల్లో గిన్నెలు, డబ్బాలు సర్దాక బరువుకి తలుపులు కొద్దిగా కిందికి దిగుతాయి, ఒకదానికొకటి రాసుకుంటాయి. హింజెస్‌కుండే స్క్రూలు తిప్పి సరిచేయాలి. పది నిమిషాల పని. అయితే అప్పగించిన రోజు వంటగది ఇంకా బొమ్మే కదా. దాని మీద ఎవరైనా చెప్పగలిగేది "బాగుంది" అని మాత్రమే. మూడు వారాలు అందులో అన్నం వండుకున్నాక చెప్పే మాట వేరేగా ఉంటుంది.

నిజంగానే వేరేగా ఉంది. మావాడు స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంటే అమ్మగారు పక్కన నిలబడి చెప్పుకుపోయారట. పాత గట్టు ఎత్తు ఎక్కువై పెద్ద గిన్నె దించేటప్పుడు భుజం లాగేదని, ఇప్పుడు 32 అంగుళాలకే కట్టడంతో ఆ బాధ తప్పిందని. మామూలుగా వీళ్లు 34 కడతారు. ఆవిడ పొట్టి, అందుకని పని మొదలెట్టే ముందు ఆవిణ్ని నిలబెట్టి మోచెయ్యి ఎత్తు కొలిచారు. ఆ కొలత సంగతి మావాడు మర్చిపోయాడు, ఆవిడ మర్చిపోలేదు.

అడగాల్సింది సరిగ్గా అప్పుడే. తమంతట తాము మాట్లాడుతున్నప్పుడు, ఆ మాట పట్టుకుని: "అమ్మగారూ, ఇప్పుడు గట్టు గురించి చెప్పారే, అదే మాట మా దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్లకి చూపించుకోవచ్చా? మీకు ఇబ్బందైతే వద్దులెండి, రేపు తలుపు బిగుసుకుపోయినా ఫోన్ చేస్తే నేనే వస్తాను." ఆ రెండో వాక్యం లేకపోతే మొదటిది ఒత్తిడే. కాదన్నా సర్వీసు ఆగదని తెలిస్తేనే అవునన్నదానికి విలువ.

ఇక్కడ మన మొహమాటాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఎదురుగా అడిగితే మనలో కాదనేవాళ్లు అరుదు. "అయ్యో, దానికేముంది, తప్పకుండా" అంటారు. ఆ తప్పకుండాలో సగం ఎప్పటికీ రాదు. "చూద్దాంలెండి" అంటే వద్దనే. మెసేజ్ చదివి వారం దాటినా మాట లేదంటే అదీ వద్దనే అనుకోవచ్చు, లేదా నిజంగా మర్చిపోయి ఉండొచ్చు. అందుకే పది రోజులకు ఒక్కసారి, ఒక్కసారే గుర్తుచేయొచ్చు. రెండోసారి గుర్తుచేస్తే మనం ఫోన్ చేసినప్పుడల్లా ఆయన బాత్రూంలోనే ఉంటాడు.

చాలామంది రాయకపోవడానికి ఇష్టం లేకపోవడం కారణం కాదు. ఖాళీ పెట్టె ముందు కూర్చుంటే ఏం రాయాలో తోచదు. తెలుగు మాట్లాడతారు, ఫోన్లో తెలుగు టైపు చేయడం రాదు, ఇంగ్లిషులో రాస్తే తప్పులొస్తాయని సిగ్గు. దీనికి మంచి దారి వాయిస్ మెసేజ్. మావాడు మూడు ప్రశ్నలు పంపాడు: పని మొదలెట్టే ముందు మీకు దేని గురించి భయమేసింది? వాడుకలోకి వచ్చాక ఏం తేడా కనిపించింది? ఇంకెవరైనా మా గురించి అడిగితే ముందే ఏ సంగతి చెప్పి హెచ్చరిస్తారు? రెండు నిమిషాలు మాట్లాడి పంపినా చాలన్నాడు.

మూడో ప్రశ్న చూసి మావాడు మొదట ఉలిక్కిపడ్డాడు. కానీ పొగడ్త ఒక్కటే ఉన్న మాటను ఎవరూ నమ్మరు, బంధువులతో రాయించుకున్నట్టుంటుంది. తొమ్మిది రోజుల ఆలస్యం అందులో ఉంటేనే 32 అంగుళాల సంగతి నమ్ముతారు.

ఒక వల గురించి చెప్పాలి. "నువ్వే ఏదో ఒకటి రాసెయ్ బాబూ, నా పేరు పెట్టుకో" అంటారు, ప్రేమతోనే. ఒప్పుకుంటే మన రాత అన్ని రివ్యూల్లోనూ ఒకేలా ఉంటుంది, పదాలే పట్టిస్తాయి. వాళ్లు నోటితో చెప్పిన మాటలే కాగితం మీద పెట్టి, చదివి వినిపించి, సరేనంటే వాడుకోవడం వేరు. అది తప్పు కాదు.

తన కరపత్రంలో వేసుకునే మాట ఒకటి, గూగుల్ మ్యాప్స్‌లో రాసేది మరొకటి. గూగుల్‌లో వాళ్ల ఖాతా నుంచి వాళ్లే రాయాలి. వ్యాపారం ప్రొఫైల్లో Ask for reviews అని ఉంటుంది, అది నొక్కితే పంపడానికి లింకు వస్తుంది. అడగడం గూగుల్ నిబంధనలకు వ్యతిరేకం కాదు. రివ్యూకి బదులు డిస్కౌంటో బహుమతో ఇవ్వడం, సంతోషంగా ఉన్నవాళ్లనే ఏరి అడగడం వ్యతిరేకం. మన బీఐఎస్ సంస్థ కూడా 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. కొనుక్కున్న రివ్యూలు, ఆ పనికోసమే పెట్టుకున్న మనుషులతో రాయించినవి ప్రచురించకూడదన్నది అందులో ఒకటి. అందుకే "రివ్యూ పెడితే చిమ్నీ సర్వీసు ఉచితం" అన్న మావాడి ఆలోచనను అక్కడే ఆపేశాం.

పేరు, ఫొటో విషయం విడిగా అడగాలి. వంటగది బాగుందన్నారు కదా అని ఇంటి ఫొటోలు పెట్టేస్తే, వెనక బీరువా ఎక్కడుందో, కిటికీకి ఊచలున్నాయో లేదో లోకమంతా చూస్తుంది. మాస్టారుగారి అమ్మాయి బయటిదేశం నుంచి అదే మాట అంది. పేరు వద్దు, వంటగట్టు ఒక్కదాని ఫొటో పెట్టుకోండి అంది. కింద "రిటైర్డ్ టీచర్ దంపతులు, పోరంకి" అని మాత్రం వేశారు. ఇక ఏదైనా ఫిర్యాదు తేలకుండా ఉంటే అసలు అడగనే కూడదు, ముందు ఆ సంగతి చూడాలి.

వాయిస్ మెసేజ్ విని మావాడు నాలుగు వాక్యాలు కాగితం మీద పెట్టి, ఒప్పుకోలు కోసం తీసుకెళ్లాడు. మాస్టారుగారు కళ్లద్దాలు పెట్టుకుని, ఎర్ర పెన్ను తీశారు. "అద్భుతంగా" అన్న మాట కొట్టేశారు. "మేమలా అనలేదుగా" అన్నారట. ఒత్తు తప్పొకటి దిద్దారు. చివర తన చేత్తో ఇంకో వాక్యం కలిపారు: "స్టోర్ రూమ్ స్విచ్ తలుపు వెనక్కి పడింది, వీళ్ల చేత పని చేయించుకునేవాళ్లు అది ముందే చూసుకోవాలి."

ఆ వాక్యం వేయాలా వద్దా అని మావాడు నాకు మళ్లీ ఫోన్ చేశాడు. ఆ స్విచ్ మార్చి, ఆ తర్వాత వాక్యంతో సహా వేశాడు.