తెలుగు చదివే కళ్లకు అరబీ లిపి: నాలుగు వారాల సాధన

దివ్య ఖుర్ఆన్‌లో ‘అలీమ్’ అని తెలుగులో రాయదగిన పదాలు రెండున్నాయి. మొదటిది ఐన్ అనే అక్షరంతో ఆరంభమవుతుంది. దాని అర్థం ‘సర్వం తెలిసినవాడు’. అది అల్లాహ్ గుణనామం. రెండవది అలిఫ్‌తో ఆరంభమవుతుంది. దాని అర్థం ‘బాధాకరమైనది’. శిక్షను ప్రస్తావించే చోట వస్తుంది. అరబీ లిపిలో ఈ రెండింటినీ చూడగానే వేరుగా గుర్తించవచ్చు. తెలుగు లిపిలో మాత్రం రెండూ ఒకటే. సా, సీన్, సాద్ అనే మూడు అక్షరాలు తెలుగులో ఒకే ‘స’ అయిపోతాయి. రెండు ‘హా’లు ఒకే ‘హ’గా మిగులుతాయి. కొన్ని పుస్తకాలలో ఖా, ఖాఫ్‌లు రెండింటినీ ‘ఖ’ అనే రాస్తారు. ఇది అచ్చువేసినవారి అశ్రద్ధ కాదు. ఆ ధ్వనులకు మన వర్ణమాలలో గుర్తులు లేవు, అంతే.

అనకాపల్లి జిల్లా నర్సీపట్నం వంటి మన ఊళ్లలో తెలుగు మీడియంలో చదువుకుని, చిన్ననాడు మక్తబ్‌కు వెళ్లే అవకాశం లేకపోయినవారు, వెళ్లినా మధ్యలో మానినవారు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. తెలుగు లిపిలో అచ్చయిన యాసీన్ సూరా పుస్తకమే వారికి ఆధారం. ఆ పుస్తకం చేసిన మేలును కాదనలేము. కానీ అది అచ్చువేసినంత వరకే దారి చూపుతుంది. ముస్హఫ్ తెరిస్తే మళ్లీ చీకటే. నలభై ఏళ్లు దాటాక ఈ లిపి పట్టుబడుతుందా అని వారు అడుగుతుంటారు. భాష మాట వేరు. లిపి మాత్రం రోజుకు నలభై నిమిషాల చొప్పున నాలుగు వారాలలో పట్టుబడుతుంది. ఫజ్ర్ తరువాత ఇరవై ఐదు నిమిషాలు, ఇషా తరువాత పదిహేను నిమిషాలు కేటాయిస్తే చాలు.

ఇందుకు ఒక పాత ఉదాహరణ ఉంది. దైవప్రవక్త (స) ఉత్తర ప్రత్యుత్తరాల అవసరం కోసం యూదుల లిపిని నేర్చుకోమని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశించారు. పదిహేను రోజులైనా గడవకముందే దానిని నేర్చుకున్నానని ఆయన చెప్పినట్లు తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. ఆయన అప్పటికి యువకుడు, అసాధారణ మేధావి. మనల్ని ఆయనతో పోల్చుకోలేము. అయితే ఒక సంగతి గమనించాలి: ఆయనకు అప్పటికే ఒక లిపి చదవడం వచ్చు. చదవడమంటే ఏమిటో తెలియని పసివాడు రెండు పనులు ఒకేసారి నేర్చుకోవాలి. తెలుగు చదవగలిగిన పెద్దవారికి గుర్తులు మార్చుకునే పని ఒక్కటే మిగిలి ఉంటుంది.

అరబీ వర్ణమాలలో 28 అక్షరాలు. నూరానీ ఖాయిదాలో హమ్జాను వేరుగా లెక్కించి 29 చూపుతారు. ప్రతి అక్షరానికీ పదం మొదట, నడుమ, చివర వేర్వేరు రూపాలుంటాయని వినగానే వందకు పైగా ఆకారాలు బట్టీపట్టాలేమోనని చాలామంది వెనుకంజ వేస్తారు. నిజానికి చుక్కలు తీసివేసి చూస్తే విడి అక్షరాల ఆకారాలు పద్దెనిమిదే. బా, తా, సా మూడూ ఒకే పడవ. కింద ఒక చుక్క ఉంటే బా, పైన రెండుంటే తా, పైన మూడుంటే సా. జీమ్, హా, ఖాలది ఒకే కొక్కెం. లోపల చుక్క ఉంటే జీమ్, ఏమీ లేకపోతే హా, పైన ఉంటే ఖా. మొదటి వారమంతా ఈ ఆకారాలకే. రోజుకు మూడు ఆకారాలు చొప్పున గీతల నోటుపుస్తకంలో కుడి నుంచి ఎడమకు రాయాలి. రాస్తూ పేరు పలకాలి. ముందు ఆకారం, ఆ తరువాతే చుక్కలు. చేతితో రాయకుండా చూసి మాత్రమే నేర్చుకున్నవారికి ఫా, ఖాఫ్‌లు నెల తరువాత కూడా తడబాటు తెస్తాయి. ఫాకు పైన ఒక చుక్క, ఖాఫ్‌కు రెండు.

అసలు కష్టం రెండవ వారంలో, అక్షరాలు కలిసినప్పుడు మొదలవుతుంది. తెలుగు అక్షరాలు విడివిడిగా నిలబడతాయి. అరబీ అక్షరాలు చేతులు పట్టుకుని నడుస్తాయి. కలిసేటప్పుడు చాలా అక్షరాలు తమ తోకను వదిలేసి తలను మాత్రమే ఉంచుకుంటాయి. బా, తా, సా, నూన్, యా అనే అయిదూ పదం మొదటా నడుమా ఒక చిన్న పన్నులాగా మారిపోతాయి. వాటిని చుక్కలే వేరు చేస్తాయి. నూన్‌కు పైన ఒకటి, యాకు కింద రెండు. వరుసగా మూడు పళ్లు కనిపించి, వాటికి చుక్కలే లేకపోతే అది సీన్. నడుమ వచ్చినప్పుడు బాగా వేషం మార్చేవి ఐన్, గుండ్రటి హా. ఈ రెండింటికీ ఒక పూట ప్రత్యేకంగా ఇవ్వాలి. ఇక అలిఫ్, దాల్, జాల్, రా, జా, వావ్ అనే ఆరు అక్షరాలు తమ తరువాతి అక్షరానికి చేయి అందించవు. ఒకే పదంలో నడుమ ఖాళీ ఎందుకు వచ్చిందో ఇది తెలియకపోతే అర్థం కాదు. మా వీధిలో కుట్టుపని చేసే ఒక సోదరి రెండవ వారమంతా ప్రతి ఖాళీ దగ్గరా పదం అయిపోయిందనుకుని ఆగేది. ఈ ఆరు అక్షరాలను ఒక చీటీపై రాసి కుట్టుమిషనుకు అంటించుకున్నాక, నాలుగు రోజులలో ఆ అలవాటు పోయింది.

స్వర చిహ్నాలు వచ్చేసరికి తెలుగువారికి సగం పని ముందే అయిపోయి ఉంటుంది. గుణింతం మనకు కొత్త కాదు. జబర్ మన తలకట్టు, జేర్ మన గుడి, పేష్ మన కొమ్ము. జజ్మ్ అంటే పొల్లు. తష్దీద్ అంటే అదే అక్షరానికి ఒత్తు. తన్వీన్ అంటే చివర ‘న్’ చేరడం. దీర్ఘాలు కూడా మనకున్నవే. ఒక్క చిక్కు మాత్రం ఉంది. తెలుగులో గుడి అక్షరం నెత్తిన ఉంటుంది. జేర్ అక్షరం కింద ఉంటుంది. తెలుగు కన్ను అలవాటుగా పైకి చూసి, అక్కడ ఏమీ లేదనుకుని ‘అ’ కలిపి చదివేస్తుంది. మొదటి పది రోజుల పొరపాట్లలో ఎక్కువ భాగం ఇదే. జేర్లన్నింటి కింద పెన్సిలుతో మరో గీత గీసిన అభ్యాసపత్రం ఒకటి తయారుచేసుకుంటే చూపు కిందికి దిగడం నేర్చుకుంటుంది.

ఈ చిహ్నాల చరిత్ర కూడా తెలుసుకోదగినది. తొలి ముస్హఫ్‌లలో ఇవి లేవు. ఇస్లాం అరబ్బేతర ప్రాంతాలకు వ్యాపించి కొత్తవారు పఠనంలో తప్పులు చేయసాగినప్పుడు, 7వ శతాబ్దిలో అబుల్ అస్వద్ దువలీ రంగు చుక్కలతో స్వరాలను సూచించాడని చరిత్రకారులు చెబుతారు. 8వ శతాబ్దిలో బస్రా పండితుడు ఖలీల్ బిన్ అహ్మద్ ఇప్పుడు మనం చూసే రూపాలకు పునాది వేశాడు. పేష్ అంటే చిన్న వావ్. జబర్ అంటే వాలిన చిన్న అలిఫ్. ఇలా చూస్తే గుర్తులు వాటంతటవే మనసులో నిలుస్తాయి.

ఇప్పుడు ఒక పదాన్ని విడదీద్దాం. ‘అల్‌హమ్దు’లో కుడి నుంచి అలిఫ్, లామ్, చుక్కలేని హా, మీమ్, దాల్. అలిఫ్ చేయి అందించదు కనుక విడిగా నిలుస్తుంది. మిగిలిన నాలుగూ కలిసిపోయి దాల్ దగ్గర ఆగుతాయి. మన దేశపు అచ్చులో అలిఫ్ మీద జబర్, లామ్ మీద జజ్మ్: అల్. హా మీద జబర్, మీమ్ మీద జజ్మ్: హమ్. దాల్ మీద పేష్: దు. ఇలా కూడబలుక్కోవడాన్నే మన పెద్దలు హిజ్జే చేయడమంటారు. తరువాత సూరా అర్రహ్మాన్ మొదటి పదం చూడండి. అలిఫ్ మీద జబర్ ఉంది. లామ్ మీద ఏ గుర్తూ లేదు. రా మీద తష్దీద్, జబర్ ఉన్నాయి. గుర్తులేని లామ్‌ను దాటి నేరుగా రాను ఒత్తి పలకాలి: అర్ర. హా మీద జజ్మ్, మీమ్ మీద నిలువు జబర్ కనుక దీర్ఘం, నూన్ మీద పేష్: అర్రహ్మాను. అక్కడ ఆగితే చివరి ‘ను’ కాస్తా ‘న్’ అవుతుంది. మూడవ వారంలో ఇటువంటి పదాలు రోజుకు ఇరవై హిజ్జే చేసి, వెంటనే హిజ్జే లేకుండా మళ్లీ చదవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ నాలుగు వారాలూ ఒకే రకం అచ్చును వాడండి. గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చిన, మదీనాలోని కింగ్ ఫహద్ ముద్రణాలయం వారి ముస్హఫ్ ఇంట్లో ఉండవచ్చు. అందులో ‘అల్‌హమ్దు’ అలిఫ్ మీద జబర్ ఉండదు. వేరొక చిన్న గుర్తు ఉంటుంది. దీర్ఘాలను చూపే పద్ధతిలోనూ తేడాలున్నాయి. ఖాయిదా మన దేశపు అచ్చులో నేర్చుకుని ముస్హఫ్ మదీనా అచ్చులో తెరిస్తే, నేర్చుకున్నదే తప్పేమోనన్న అనుమానం పుడుతుంది. రెండూ సరైనవే. రెండవదాని పని ఆరవ వారంలో చూసుకోవచ్చు.

నాలుగవ వారంలో ముస్హఫ్ తెరవాలి. ఏ పేజీ అన్నదే కీలకం. ఫాతిహా సూరానో చివరి చిన్న సూరాలనో తెరిస్తే జ్ఞాపకం ముందు పరుగెత్తి కంటికి పని లేకుండా చేస్తుంది. నోరు గడగడా చదువుతుంది; కన్ను అక్షరాన్ని చూడనే లేదు. పెద్దవారి విషయంలో అన్నిటికన్నా ఎక్కువగా మోసగించేది ఇదే. దీనిని కనిపెట్టడం సులభం. ఒక మందపాటి కాగితానికి పదమంత కిటికీ కోసి, ఖాయిదాలోని అభ్యాస పదాల మీద ఉంచి, వరుస తప్పించి ఎక్కడో ఒక పదాన్ని చదవండి. కంఠస్థమైన సూరాలో వేగం, తెలియని పేజీలో వేగం పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది ప్రవాహమై, రెండవది పూర్తిగా ఆగిపోతే ఇంకా చదవడం రాలేదన్న మాట. అందుచేత ఎన్నడూ కంఠస్థం చేయని పేజీని, ఉదాహరణకు సూరా అన్కబూత్ నడుమ నుంచి ఒకదాన్ని ఎంచుకోండి. మొదటి పంక్తికి అయిదారు నిమిషాలు పట్టినా కలవరపడనక్కరలేదు. తడబడుతూ, శ్రమపడుతూ ఖుర్ఆన్ చదివేవారికి రెండింతల పుణ్యమని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అదే పేజీని వారమంతా చదవకండి, నాలుగవ రోజుకు అదీ కంఠస్థమైపోతుంది. రోజుకు మూడు పంక్తులు, ప్రతిరోజూ కొత్తవి.

పైన చెప్పిన కుట్టుపని సోదరి నాలుగవ వారం చివర తెలియని మూడు పంక్తులను పది నిమిషాలలో చదివింది. రెండు చోట్ల జేర్ తప్పింది. ఒక చోట తష్దీద్ వదిలేసింది. ఆమెకు ముందే వచ్చిన యాసీన్‌ను ఇప్పుడు అరబీ అచ్చుతో పోల్చి చూసుకుంటే, తెలుగు పుస్తకం నుంచి ఏళ్ల తరబడి ‘హ’గా పలికినవాటిలో ఏది ఏ హాయో తెలిసివచ్చింది.

పుస్తకం నేర్పలేనిది ఉచ్చారణ. ఐన్ గొంతు నడుమ నుంచి రావాలి. ఖాఫ్ నాలుక మొదటి నుంచి, కాఫ్ దానికి కొంచెం ముందు నుంచి రావాలి. దాద్ అయితే నాలుక పక్కభాగం పై దవడ పళ్లను తాకగా రావాలి. మన నోరు సరిగా పలికిందో లేదో మన చెవి చెప్పలేదు, ఎందుకంటే ఆ తేడా వినడం దానికింకా అలవాటు కాలేదు. అందుకని మొదటి వారం నుంచే, వారానికి రెండుసార్లయినా మస్జిద్ హజ్రత్ వద్దనో, స్త్రీలైతే పిల్లలకు నేర్పే ఆపా వద్దనో పావుగంట కూర్చోవాలి. వీలుకానప్పుడు అయిదు పదాలు ఫోన్‌లో రికార్డు చేసి పంపినా దిద్దుతారు. అయిదవ వారం నుంచి రోజుకు అర పేజీ చదువుతూ, ఎక్కడ ఆగాలో ఎక్కడ ఆగకూడదో తెలిపే వఖ్ఫ్ గుర్తులు, మద్‌ల కొలతలు వారి వద్దనే ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకోవాలి.