జవాల్ వేళ ఏడాదంతా ఎందుకు మారుతుంది?

మసీదు గోడకున్న నమాజు వేళల పట్టికలో జవాల్ గడిని జనవరి నుంచి డిసెంబరు దాకా చూస్తూ రండి. హైదరాబాదులో ఫిబ్రవరి రెండో వారంలో సూర్యుడు నడినెత్తికి చేరేది దాదాపు 12.30కి. నవంబరు మొదటి వారంలో 12 గంటలకే. అచ్చుతప్పేమోనని మమ్మల్ని అడిగినవాళ్లు ఉన్నారు. అచ్చుతప్పు కాదు.

మన గడియారాలు నడిచేది కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. హైదరాబాదు దానికి 4 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు మనకు 16 నిమిషాలు ఆలస్యం. ఈ 16 ఏడాదంతా మారదు. ఇదొక్కటే అయితే రోజూ 12.16కే మిట్ట మధ్యాహ్నం కావాలి.

మారేది సూర్యుడి రోజు. గడియారం ప్రతి రోజునూ 24 గంటలకే కోస్తుంది. కానీ ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నానికి డిసెంబరు చివర్లో దాదాపు 30 సెకన్లు ఎక్కువ పడుతుంది, సెప్టెంబరు నడుమ 20 సెకన్లు తక్కువ. అరనిమిషమే కదా అనిపిస్తుంది గానీ, అది రోజూ పోగవుతుంది. డిసెంబరు 25న సున్నాగా ఉన్న తేడా ఫిబ్రవరి 11కు 14 నిమిషాల ఆలస్యమవుతుంది. 12.16కు 14 కలిపితే 12.30. నవంబరు 3న సూర్యుడే 16 నిమిషాలు ముందుంటాడు, అందుకే 12. ఈ తేడానే కాల సమీకరణం అంటారు.

కారణాలు రెండు. భూమి తిరిగే దారి సరైన గుండ్రం కాదు. జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరై వేగంగా పోతుంది. ఆ రోజుల్లో మళ్లీ సూర్యుడికి ఎదురు రావడానికి భూమి కాస్త ఎక్కువ తిరగాలి. రెండోది, భూమి ఇరుసు 23.5 డిగ్రీలు ఒరిగి ఉండటం. డిసెంబరులో ఈ రెండూ ఒకవైపే లాగుతాయి. జూన్‌లో ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి.

మే 9న, ఆగస్టు 3న హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా తలమీదికొస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. రెండు రోజులూ సూర్యుడు అంతే ఎత్తు. అయినా నీడ మాయమయ్యేది మేలో 12.12కు, ఆగస్టులో 12.23కు.

మిగతా రోజుల్లో అతి పొట్టి నీడ కోసం చూస్తే పిల్లలు పొరబడతారు; మధ్యాహ్నం దగ్గర కొన్ని నిమిషాలు నీడ పొడవు మారినట్టే కనిపించదు. చలికాలంలో ఒక రోజు ఇలా చేయండి. దారానికి రాయి కట్టి చూసుకుంటూ కర్రను నిటారుగా పాతండి. దాని చుట్టూ వృత్తం గీయండి. నీడ కొన పొద్దున వృత్తంలోకి వచ్చే చోట, సాయంత్రం బయటికి పోయే చోట గుర్తు పెట్టండి. రెంటి నడుమ బిందువు నుంచి కర్రకు గీత గీస్తే అది ఉత్తర దక్షిణం. నీడ ఆ గీత మీద పడిన క్షణమే, ఏ నెలలోనైనా, మిట్ట మధ్యాహ్నం.

జొహర్ వేళ మొదలయ్యేది సూర్యుడు అక్కడి నుంచి పడమటికి వాలాకే. నవంబరులో 12.20కి ఇంట్లో నమాజు చదివిన వారికి వేళ వచ్చేసినట్టే. ఫిబ్రవరిలో అదే 12.20కి ఇంకా పది నిమిషాలు ఆగాలి.