న్యూట్రల్ కోసం పుట్టిన నాలుగో కాలు

8 కిలోవాట్ల త్రీ ఫేజ్ సోలార్ ఇన్వర్టర్ ఉన్న ఇల్లు. కరెంటు పోయింది. ఇంట్లో నడుస్తున్న వస్తువులన్నీ కలిపినా 5 కిలోవాట్లు దాటవు. అయినా ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ చూపించి ఆగిపోతుంది. యంత్రం పాడైందనుకుని మెకానిక్‌ను పిలుస్తారు. యంత్రం బాగానే ఉంటుంది. దాని పుట్టుక తెలిస్తే ఎందుకు ఆగిందో తెలుస్తుంది: త్రీ ఫేజ్ ఇన్వర్టర్ ఇంటిని చూసి ఎదిగింది కాదు, మోటారును చూసి ఎదిగింది.

త్రీ ఫేజ్ కరెంటు దూరాలకు వెళ్లగలదని లోకం నమ్మింది 1891లో. జర్మనీలోని లౌఫెన్ దగ్గర జలవిద్యుత్తు తయారుచేసి, 175 కిలోమీటర్ల దూరంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరుగుతున్న ప్రదర్శనకు పంపారు. ఆ పని వెనుక ఉన్న ఇంజినీర్లలో ముఖ్యుడు మిఖాయిల్ డోలివో-డోబ్రొవోల్‌స్కీ. మూడు ఫేజుల కరెంటు మోటారును దానంతటదే తిప్పుతుంది కాబట్టి పరిశ్రమలు దాన్ని వెంటనే అందుకున్నాయి. డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ గురించి జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన డేవిడ్ ప్రిన్స్ 1925లో వ్యాసం రాశాడు. అప్పటికి స్విచ్చుల పని చేసేవి గాజు గొట్టాలు. 1957లో థైరిస్టర్ వచ్చింది. 1980ల ఆరంభంలో అదే సంస్థలో పనిచేస్తున్న జయంత్ బలిగ ఐజీబీటీ అనే స్విచ్చును నిలబెట్టాడు. ఆయన చెన్నైలో పుట్టి ఐఐటీ మద్రాసులో చదువుకున్నవాడు. సెకనుకు వేలసార్లు తెరుచుకుని మూసుకోగల ఈ స్విచ్చుతో మోటారు వేగాన్ని కోరినట్టు మార్చడం తేలికైంది.

మోటారు కోసం ఇంజినీర్లు స్థిరపరచుకున్న నిర్మాణంలో ఆరు స్విచ్చులుంటాయి. పైన ఒకటి, కింద ఒకటి కలిపి ఒక జత. దాన్ని లెగ్ అంటారు, అంటే కాలు. ఫేజుకొక కాలు చొప్పున మూడు కాళ్లు. మోటారులోని మూడు చుట్లూ సమానం కాబట్టి వాటిలో పారే కరెంట్లు ఏ క్షణంలో కూడినా సున్నాయే. తిరిగి రావడానికి మిగిలేది ఏమీ లేదు. అందుకే ఆ నిర్మాణంలో న్యూట్రల్‌కు చోటు లేదు.

ఇల్లు అలా కాదు. లైట్లు, ఫ్యాన్లు, గీజరు, ఏసీ అన్నీ ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉంటాయి. ఒక ఫేజు మీద ఎక్కువ, మరో ఫేజు మీద తక్కువ బరువు పడుతుంది. ఆ తేడా న్యూట్రల్ తీగలో తిరిగి వెళుతుంది. లైన్లో కరెంటు ఉన్నంతసేపూ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఆ తేడాను భరిస్తుంది. మన ఇన్వర్టర్ సోలార్ కరెంటును మూడు ఫేజులకూ సమానంగా పంచి ఊరుకుంటే సరిపోతుంది. కరెంటు పోగానే ఇన్వర్టర్ లైను నుంచి విడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ చేసిన పని ఇక తనే చేయాలి. తేడా తిరిగి రావడానికి ఒక దారి తనలోనే ఉండాలి.

ఆ దారి మూడు రకాలుగా దొరికింది. మొదటిది డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్. స్టార్ చుట్ల మధ్య బిందువే న్యూట్రల్ అవుతుంది. గట్టి పద్ధతే కానీ ఇనుము, రాగి బరువు ఎక్కువ. రెండోది, డీసీ వైపు రెండు కెపాసిటర్లను వరుసగా పెట్టి వాటి నడిమి నుంచి న్యూట్రల్ తీయడం. చవకైనది. కానీ న్యూట్రల్ కరెంటంతా ఆ కెపాసిటర్లలోకే వెళుతుంది కాబట్టి తేడా పెరిగితే నడిమి బిందువు అటూ ఇటూ జరుగుతుంది, ఫేజుల వోల్టేజీ చెదురుతుంది. మూడోది న్యూట్రల్ కోసమే నాలుగో కాలు చేర్చడం. స్విచ్చులు ఎనిమిదవుతాయి. ఈ నాలుగు కాళ్లను ఏ క్రమంలో నడపాలో తేల్చే గణితం 1990లలో అమెరికాలోని వర్జీనియా టెక్‌లో రూపుదిద్దుకుంది. ఇళ్లకు వచ్చే హైబ్రిడ్ ఇన్వర్టర్లు అసమాన లోడును మోయగలుగుతున్నది ఇలాంటి ఏర్పాట్ల వల్లే.

నాలుగో కాలు తేడాను తిప్పి పంపుతుంది. ఫేజు కాలి బలాన్ని మాత్రం పెంచదు. మొదట చెప్పిన ఇంటి లెక్క చూద్దాం. 8 కిలోవాట్లను మూడు కాళ్లకు పంచితే ఒక్కోదానికి సుమారు 2,670 వాట్లు, 230 వోల్టుల దగ్గర 11.6 ఆంపియర్లు. ఆ ఇంట్లో గీజరు 2,000 వాట్లు, ఏసీ 1,450 వాట్లు. రెండూ ఆర్ ఫేజు మీదే ఉన్నాయి. అంటే 3,450 వాట్లు, 15 ఆంపియర్లు. వై, బి ఫేజుల మీద చెరి 690 వాట్లు, 3 ఆంపియర్లు. మొత్తం 4,830 వాట్లే అయినా ఆర్ కాలు తన హద్దు దాటింది. ఇన్వర్టర్ ఆగింది అందుకే. న్యూట్రల్ సంగతీ చూడండి: మూడు ఫేజుల్లోనూ సమానంగా ఉన్న 3 ఆంపియర్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, ఆర్‌లో మిగిలిన 12 ఆంపియర్లు న్యూట్రల్‌లో తిరిగి వెళతాయి.

ఇప్పుడు డిస్ట్రిబ్యూషన్ బాక్సులో ఏసీ తీగను వై ఫేజుకు మార్చితే ఆర్ మీద 2,000, వై మీద 2,140, బి మీద 690 వాట్లు. ఏ కాలూ హద్దు దాటదు. న్యూట్రల్ కరెంటు దాదాపు 6 ఆంపియర్లకు, అంటే సగానికి దిగుతుంది. కొత్త యంత్రం అక్కర్లేదు, ఎలక్ట్రీషియన్‌తో ఒక తీగ మార్పిస్తే చాలు.

కరపత్రంలో ‘నూరు శాతం అసమాన లోడు’ అని ఉంటే, 8 కిలోవాట్లూ ఒకే ఫేజు మీద వాడుకోవచ్చని కాదు. మిగతా రెండు ఫేజులు ఖాళీగా ఉన్నా ఒక ఫేజు తన వంతు మూడో భాగాన్ని పూర్తిగా ఇవ్వగలదని అర్థం. కొన్ని నమూనాలు ఒక ఫేజు మీద మొత్తంలో సగం వరకు ఇస్తాయి. కొనేముందు అడగాల్సిన అంకె ఇదే: ఒక్క ఫేజు మీద గరిష్ఠంగా ఎంత?

ఇదే 4,830 వాట్లను 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ ఆగకుండా మోస్తుంది. దానికి ఫేజుల తేడా అన్న ప్రశ్నే లేదు. కానీ అక్కడ మరో ప్రమాదం ఉంది. ఇంటి మూడు ఫేజులనూ కలిపి ఈ ఒక్క ఇన్వర్టర్‌కు తగిలిస్తే, మూడింటికీ ఒకే న్యూట్రల్ తీగ ఉన్న చోట కరెంట్లు రద్దు కావు, కూడుకుంటాయి. 15, 3, 3 కలిసి 21 ఆంపియర్లు ఆ ఒక్క తీగలో పారతాయి. న్యూట్రల్‌కు విడిగా ఎంసీబీ లేకపోతే తీగ వేడెక్కుతున్నా ఆపేది ఏదీ ఉండదు. త్రీ ఫేజ్ బోరు మోటారు కూడా ఆ కరెంటుతో తిరగదు. కాబట్టి సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ పెడితే అత్యవసర లైన్లను వేరుచేసి, వాటి న్యూట్రల్‌నూ వేరుగా తీసుకెళ్లాలి.

త్రీ ఫేజ్ పెడితే భయపడాల్సింది న్యూట్రల్ వదులు కావడం. పై లెక్కలోని లోడ్లన్నీ హీటర్లలాంటివే అనుకుంటే, న్యూట్రల్ తెగిన క్షణాన ఎక్కువ లోడున్న ఆర్ మీద 99 వోల్టులే మిగిలి, తక్కువ లోడున్న వై, బి మీద 317 వోల్టులు పడతాయి. ఒక గదిలో లైటు మసకబారి మరో గదిలో మరీ వెలిగిపోతుంటే వెంటనే మెయిన్ స్విచ్ కట్టేయాలి.

ఇంట్లో త్రీ ఫేజ్ మోటారు లేకపోతే, కరెంటు పోయినప్పుడు నడవాల్సినవి 5 కిలోవాట్ల లోపే అయితే, విడిగా తీసిన లైన్లతో సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ చాలు. బోరు త్రీ ఫేజ్ అయి అదీ నడవాలంటే త్రీ ఫేజ్ తప్పదు. అలాంటప్పుడు ఇన్వర్టర్ బిగించకముందే క్లాంప్ మీటరుతో సాయంత్రం వేళ మూడు ఫేజుల్లోనూ, న్యూట్రల్‌లోనూ కరెంటు కొలిపించాలి. ఏ వస్తువు ఏ ఫేజు మీదికి వెళ్లాలో ఆ నాలుగు అంకెలను బట్టి నిర్ణయించి, ఆ తర్వాతే ఇన్వర్టర్ సైజు ఎంచుకోవాలి.