8.4 దగ్గరి లైన్ ఫాల్ట్: తక్కువ కరెంటు, ఎక్కువ కష్టం

సర్క్యూట్ బ్రేకర్ నామఫలకం మీద 245 కిలోవోల్టులు, 40 కిలో ఆంపియర్లు అని రాసి ఉంటుంది. దాన్ని చూసి, 40 కిలో ఆంపియర్ల లోపు ఏ కరెంటునైనా ఆ బ్రేకర్ తేలిగ్గా తెంచేస్తుందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. ఈ అభిప్రాయం సరికాదు. సబ్‌స్టేషన్ టెర్మినల్ దగ్గర 40 కిలో ఆంపియర్లను విజయవంతంగా తెంచిన బ్రేకర్, అక్కడికి కిలోమీటరు కూడా లేని చోట వచ్చిన 36 కిలో ఆంపియర్ల ఫాల్ట్ దగ్గర విఫలం కావచ్చు. ఎందుకో చూద్దాం.

కరెంటు సున్నా విలువను దాటే క్షణంలో ఆర్క్ ఆరిపోతుంది. వెంటనే కాంటాక్టుల మధ్య వోల్టేజి డోలనాలతో పైకి లేస్తుంది. ఇదే ట్రాన్సియెంట్ రికవరీ వోల్టేజి (టి.ఆర్.వి.) అని గత భాగంలో చదివారు. టెర్మినల్ ఫాల్ట్ విషయంలో 245 కిలోవోల్టుల బ్రేకర్‌కు ప్రమాణాలు నిర్దేశించే టి.ఆర్.వి. శిఖరం సుమారు 364 కిలోవోల్టులు. పెరుగుదల రేటు మైక్రో సెకనుకు 2 కిలోవోల్టులు. శిఖరం పెద్దదే కానీ, అక్కడికి చేరడానికి సమయం పడుతుంది.

ఇప్పుడు ఫాల్ట్‌ను లైన్ మీదికి కొంచెం దూరం జరుపుదాం. ఫేజ్ వోల్టేజి 141.5 కిలోవోల్టులు. టెర్మినల్ దగ్గర 40 కిలో ఆంపియర్లు రావాలంటే సోర్సు రియాక్టెన్స్ 3.54 ఓమ్‌లు ఉండాలి. కరెంటు అందులో 90 శాతానికి, అంటే 36 కిలో ఆంపియర్లకు తగ్గాలంటే లైన్ రియాక్టెన్స్ 0.39 ఓమ్‌లు చాలు. కిలోమీటరుకు 0.47 ఓమ్‌లు అనుకుంటే లైన్ పొడవు సుమారు 0.84 కిలోమీటరు.

ఫాల్ట్ వలయం దాదాపు పూర్తిగా ఇండక్టివ్ కాబట్టి, కరెంటు సున్నా అయ్యే క్షణంలో వోల్టేజి శిఖరం మీద ఉంటుంది. మొత్తం శిఖర వోల్టేజి 200 కిలోవోల్టులు. అందులో పదో వంతు, అంటే 20 కిలోవోల్టులు లైన్ మీద ఉంటాయి. ఇవి బ్రేకర్ కొస దగ్గర పూర్తిగా ఉండి, ఫాల్ట్ వైపు పోను పోను తగ్గుతూ, ఫాల్ట్ దగ్గర సున్నా అవుతాయి. బ్రేకర్ తెరుచుకోగానే ఈ ఆవేశం తరంగాలుగా అటూ ఇటూ పరుగెత్తుతుంది. ఫాల్ట్ దగ్గర తరంగం తలకిందులై తిరిగివస్తుంది. అందుకే బ్రేకర్ లైన్ వైపు వోల్టేజి రంపపు పళ్ల ఆకారంలో ఊగుతుంది.

ఆ పంటి వాలు ఎంత? కరెంటు సున్నాను దాటే వేగాన్ని లైన్ సర్జ్ ఇంపెడెన్స్‌తో గుణిస్తే సరిపోతుంది. 50 హెర్ట్జ్ దగ్గర 36 కిలో ఆంపియర్లకు ఆ వేగం మైక్రో సెకనుకు 16 ఆంపియర్లు. సర్జ్ ఇంపెడెన్స్ 450 ఓమ్‌లు. లబ్ధం మైక్రో సెకనుకు 7.2 కిలోవోల్టులు! టెర్మినల్ ఫాల్ట్ రేటుకు ఇది మూడున్నర రెట్లకు పైనే. నష్టాలు లేకపోతే వోల్టేజి 40 కిలోవోల్టులు మారాలి. నష్టాలను లెక్కలోకి తీసుకుని ప్రమాణాలు 1.6 గుణకాన్ని వాడతాయి కనుక మార్పు 32 కిలోవోల్టులు. 364తో పోలిస్తే ఇది చిన్న సంఖ్య. కానీ దీనికి పట్టే సమయం నాలుగున్నర మైక్రో సెకన్లు మాత్రమే.

ఆ సమయానికి ఎస్.ఎఫ్.6 వాయువులోని ఆర్క్ మార్గం ఇంకా వేడిగా, కొంత వాహకంగా ఉంటుంది. వోల్టేజి పడగానే దానిలో చిన్న కరెంటు పారుతుంది. ఆ కరెంటు ఇచ్చే వేడి కంటే వాయు ప్రవాహం తీసుకుపోయే వేడి ఎక్కువైతే మార్గం చల్లబడుతుంది. తక్కువైతే ఆర్క్ మళ్లీ నిలుచుంటుంది. దీన్ని ఉష్ణ వైఫల్యం అంటారు. టెర్మినల్ ఫాల్ట్ ప్రధానంగా పరీక్షించేది వేరే సంగతిని: వందల మైక్రో సెకన్ల తర్వాత వచ్చే పెద్ద శిఖరాన్ని కాంటాక్టుల మధ్య ఖాళీ తట్టుకుంటుందా, లేదా అన్నదాన్ని. ఆసిల్లోగ్రామ్‌లో ఈ రెండింటి తేడా తెలిసిపోతుంది. ఉష్ణ వైఫల్యంలో వోల్టేజి లేవకముందే, సున్నా దగ్గర విరామమంటూ లేకుండా కరెంటు కొనసాగుతుంది. రెండోదానిలో వోల్టేజి బాగా పైకి లేచి, హఠాత్తుగా కూలుతుంది.

మరి ఫాల్ట్ ఇంకా దగ్గరైతే ఇంకా ప్రమాదమా? కాదు. వాలు కొంచెం పెరిగినా పంటి ఎత్తు మరీ చిన్నదవుతుంది. దూరం పెరిగితే ఎత్తు పెరుగుతుంది గానీ, కరెంటుతోపాటు వాలు తగ్గుతుంది. అందుకే 90, 75 శాతాల దగ్గర పరీక్షిస్తారు.

లైన్ వైపు టెర్మినల్ నుంచి భూమికి ఒక కెపాసిటర్ కలిపితే వోల్టేజి లేవడం ఆలస్యమవుతుంది. ఆలస్యం సుమారుగా సర్జ్ ఇంపెడెన్స్, కెపాసిటెన్స్‌ల లబ్ధం. 2000 పికోఫారడ్‌లకు అది 0.9 మైక్రో సెకను. ఇది చాలా తక్కువని పెదవి విరవకండి. ఆర్క్ మార్గం చల్లబడుతున్న ఆ కొద్ది మైక్రో సెకన్లలో ఇది గణనీయమైన వాటా.

అభ్యాసం: పై బ్రేకర్‌కే కరెంటు 75 శాతానికి తగ్గే దూరంలో ఫాల్ట్ వచ్చిందనుకోండి. లైన్ పొడవు, వోల్టేజి వాలు, మొదటి పంటి ఎత్తు కనుక్కోండి. (జవాబు: సుమారు 2.5 కిలోమీటర్లు; మైక్రో సెకనుకు 6 కిలోవోల్టులు; 80 కిలోవోల్టులు.)