వార్తల్లో పదం: పేరోల్ కటాఫ్

నెల జీతాల లెక్కలోకి మార్పులు తీసుకునే ఆఖరి తేదీ ఇది. చాలా ఆఫీసుల్లో 20, 25 తేదీల మధ్య ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన ఇంక్రిమెంటు పై నెల అరియర్స్‌లోకే పోతుంది.

ఏదీ జారిపోలేదని అకౌంట్స్ గుమాస్తాకు ఎలా తెలుస్తుంది? పోయిన నెల మొత్తం నుంచి లెక్క కట్టుకొస్తాడు. అది 18,40,000 రూపాయలు అనుకుందాం. 30 రోజుల నెలలో 16న చేరినతనికి 15,000 కలిపి, మానేసినతనికి 25,000 తీసేసి, ఒకరి ఇంక్రిమెంటు 4,000 కలిపి, రెండు రోజుల జీతనష్టపు సెలవుకు 2,000 కోస్తే 18,32,000 రావాలి. రిజిస్టరు 18,34,000 చూపిస్తోందంటే ఆ సెలవు కాగితం ఇంకా ట్రేలోనే ఉందేమో చూడాలి.

మొత్తం సరిపోయినా నమ్మేయకూడదు. ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి అంతే తక్కువ పడితే తేడా కనిపించదు. అందుకే పేరు పేరునా పోల్చాలి. బ్యాంకు ఖాతా మార్పైతే అంకెల్లో అసలు తేలదు. దాన్ని అర్జీ పక్కన పెట్టుకుని విడిగా సరిచూడాల్సిందే.