కడప శిలాద్రోణి ఛేదచిత్రం : స్తరక్రమం, భ్రంశ నిర్ణయం

1. ఉపోద్ఘాతం
భూమిని నిలువుగా కోస్తే కనిపించే శిలల అమరికను చూపే పటమే ఛేదచిత్రం. అందులో అడుగున ఉన్నది ప్రాచీనమని, పైనున్నది నవీనమని సాధారణంగా భావిస్తారు. ఈ సూత్రం ఎంతవరకు వర్తిస్తుందో, ఎక్కడ తప్పుతుందో కడప శిలాద్రోణిని పడమర నుండి తూర్పుకు కోసిన చిత్రం స్పష్టం చేస్తుంది.

2. ప్రాచీన శిల నిర్ణయం
పడమటి అంచున అడుగున గ్రానైట్, దానిపై గులిచెర్ల క్వార్ట్‌జైట్, ఆపైన వేంపల్లె సున్నపురాయి కనిపిస్తాయి. పొరలు తూర్పుకు స్వల్పంగా వాలి ఉంటాయి. అయితే గ్రానైట్ కరిగిన శిలాద్రవం నుండి పుట్టినది. అది క్వార్ట్‌జైట్ ఏర్పడిన తరువాత కింది నుండి చొచ్చుకొని వచ్చి ఉండవచ్చు గదా అనే సందేహం సహజం. దీనికి రెండు ఆధారాలు సమాధానమిస్తాయి. క్వార్ట్‌జైట్ అడుగున గులకరాళ్ల పొర ఉంది. అందులోని రాళ్లు కింది శిలలు అరిగి వచ్చినవి. ముక్క కంటే దాని మాతృశిల ప్రాచీనం కాక తప్పదు. గ్రానైట్‌ను చీల్చిన డోలరైట్ డైకులలో అనేకం క్వార్ట్‌జైట్ అడుగు గీత వద్దనే ఆగిపోతాయి. కనుక గ్రానైట్, ఆ డైకులు, క్రమక్షయం, క్వార్ట్‌జైట్ అన్నది సంఘటనల వరుస.

3. భ్రంశ నిర్ణయం
తూర్పున కుందూ లోయ దాటగానే ఈ క్రమం తారుమారవుతుంది. కర్నూలు వర్గంలో అన్నిటికంటే పైదైన నంద్యాల షేల్ మీద, దానికంటే ప్రాచీనమైన నల్లమల వర్గపు శిలలు కూర్చొని ఉంటాయి. పై శిలలు తీవ్రంగా ముడుతలు పడగా, కింది పొరలు చాలాభాగం దాదాపు సమతలంగా ఉన్నాయి. ఆ శిలలు ఉన్నచోటనే నిక్షేపమై ముడుచుకొని ఉంటే కింది షేల్ కూడా వాటితోపాటు ముడుచుకోవలసింది. కాబట్టి ఆ సరిహద్దు నిక్షేపణ తలం కాదు; తూర్పు నుండి ప్రాచీన శిలలను పైకి నెట్టిన భ్రంశతలం.

సాధారణ భ్రంశాలలో ఆనవాలు మరో విధంగా ఉంటుంది. ఒకే పొర గీతకు ఇరువైపులా వేర్వేరు ఎత్తులలో తెగి కనిపిస్తుంది. భ్రంశం తాను కోసిన పొరలన్నిటికంటే నవీనం. తనను తెగకుండా కప్పిన పొర కంటే ప్రాచీనం. నల్లమల భ్రంశం నంద్యాల షేల్‌ను దాటింది గనుక షేల్ తరువాతిదే.

4. పరిమితులు
ఛేదచిత్రంలో నిలువు కొలత అడ్డుకొలత కంటే పెద్దదైతే స్వల్పమైన వాలు కూడా నిటారుగా కనిపిస్తుంది. కనుక వాలుకోణం చదివే ముందు రెండు కొలతలను పోల్చాలి. ముడుతలున్నచోట పొర తలకిందులై ఉండవచ్చు. అప్పుడు క్వార్ట్‌జైట్‌లోని అలల గుర్తులు, వేంపల్లె సున్నపురాయిలో పైకి ఉబ్బిన స్ట్రొమటోలైట్లు వంటివి పొర పైభాగం ఏదో చెబుతాయి.

5. ముగింపు
ఛేదచిత్రంలో స్థానం వయస్సుకు తొలి సూచన మాత్రమే. ఏది దేనిని కోసింది, ఏది దేని ముక్కలను కలిగి ఉంది అనే ప్రశ్నలే తుది నిర్ణయానికి ఆధారాలు.