బస్తా అంటే ఎన్ని కిలోలు?

మిర్యాలగూడలో బియ్యం బేరం ఫోన్‌లో రెండు నిమిషాల్లో తెగిపోతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లు ఆడించే మిల్లులు ఊరి చుట్టూ ఉన్నాయి. వాటి దగ్గర సరుకు కొని బయటి ఊళ్లకు లారీల్లో పంపే చిన్న వ్యాపారులూ ఉన్నారు. రకం చెబుతారు, పాతదో కొత్తదో చెబుతారు, రేటు చెబుతారు, లారీ ఎప్పుడొస్తుందో అడుగుతారు. అంతే, లక్షల రూపాయల బేరం ముగిసినట్టే. తగాదా వచ్చేది ఆ రెండు నిమిషాల్లో ఎవరూ ఎత్తని మాట దగ్గర.

అలాంటి ఒక వ్యాపారికీ, హైదరాబాద్‌లో హోల్‌సేల్ దుకాణం నడిపే ఒక కొనుగోలుదారుకూ మధ్య వచ్చిన పేచీ ఇది. సరుకు బీపీటీ పాత బియ్యం, 500 బస్తాలు. వ్యాపారి క్వింటాలుకు 5,200 అన్నాడు. అటువైపు పెద్దాయన మనసులోనే లెక్క వేసుకుని, "అంటే బస్తా పదమూడు వందలు, సరేలే తమ్మీ" అన్నాడు. ఇవతలాయన లారీ శబ్దంలో "ఔనన్నా, యాభై రెండు వందలే" అన్నాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. కాకపోతే ఎవరి అంకెకు వాళ్లు ఒప్పుకున్నారు.

పదమూడు వందలు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే పెద్దాయన మీద జాలి కలుగుతుంది. ఏళ్ల తరబడి ఇళ్లకు వెళ్లే బియ్యం బస్తా అంటే 25 కిలోలే. క్వింటాలు రేటును నాలుగుతో భాగిస్తే బస్తా ధర వచ్చేస్తుంది. కొట్లో కూర్చున్నవాళ్లకు అది కాగితం అక్కర్లేని లెక్క. 2022 జులై 18 నుంచి ఈ లెక్క చెడింది. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతుందన్నారు. అంతకు మించిన సంచికి లేదు. దాంతో మార్కెట్లోకి 26 కిలోల బస్తా దిగింది. కిలో 52 రూపాయల బియ్యమైతే 25 కిలోల సంచి 1,300, దాని మీద పన్ను 65, మొత్తం 1,365. అదే బియ్యం 26 కిలోల సంచిలో పోస్తే 1,352. ఒక కిలో ఎక్కువ, ధర 13 రూపాయలు తక్కువ. బస్తా మారింది కానీ నాలుగుతో భాగించే అలవాటు మారలేదు.

ఫోన్ పెట్టేశాక మన వ్యాపారి తన పద్ధతి ప్రకారం వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపాడు:

"అన్నా, ఇప్పుడు అనుకున్నది రాస్తున్నా. బీపీటీ పాత బియ్యం, నిన్న పంపిన శాంపిల్ ప్రకారం. 26 కిలోల బస్తాలు 500, అంటే 130 క్వింటాళ్లు. రేటు క్వింటాలుకు 5,200, మిల్లు దగ్గర. బస్తాకు 1,352 పడుతుంది. మొత్తం 6,76,000. లారీ కిరాయి, అక్కడ దింపే హమాలీ మీవి. సరుకు దిగిన ఏడు రోజుల్లో డబ్బు. రేపు పొద్దున తొమ్మిదికి లోడింగ్. తేడా ఏమన్నా ఉంటే ఆలోపే చెప్పండి."

అటు నుంచి "సరే, లోడ్ చెయ్యి" అని జవాబొచ్చింది.

ఈ మెసేజ్‌లో పనితనమంతా ధర రాసిన తీరులో ఉంది. ఒకే ధరను మూడు విధాలుగా రాశాడు: క్వింటాలుకు, బస్తాకు, మొత్తానికి. క్వింటాలు రేటు ఒక్కటే రాసి ఊరుకుంటే, చదివినవాడు మళ్లీ తన పాత లెక్కే వేసుకుంటాడు. బస్తా ధర విడిగా కనబడితే 1,300కూ 1,352కూ ఉన్న తేడా ఎవరి కంటికైనా తగులుతుంది. మూడో అంకె మొదటి రెండింటికీ సరిచూపు. పెట్టిన గడువుకూ ఒక లెక్కుంది. బస్తాలు లారీ ఎక్కకముందు బేరం చెడితే ఎవరికీ పైసా నష్టం లేదు. ఎక్కాక కిరాయి, హమాలీ, తిరుగు ప్రయాణం అన్నీ ఒకరి నెత్తిన పడతాయి.

సరుకు వెళ్లింది, దిగింది. ఏడో రోజు బ్యాంకులో పడిన డబ్బు 6,50,000. తగ్గింది 26,000. బియ్యం వ్యాపారంలో మిగిలేదే క్వింటాలుకు కొద్దిపాటి సొమ్ము, కాబట్టి 130 క్వింటాళ్ల మీద 26,000 పోవడమంటే ఆ లోడులో లాభం పోయి చేతి డబ్బు పడ్డట్టే.

ఫోన్ చేస్తే పెద్దాయన గొంతు పెంచాడు. "బస్తా పదమూడు వందలని నేను నోటితో చెప్పిన. నువ్వు ఔనన్నవ్. ఇప్పుడు మాట మారుస్తవా?"

వ్యాపారి ఎదురు వాదించలేదు. అదే మెసేజ్‌ను, కింద ఉన్న "సరే"తో సహా మళ్లీ పంపాడు. మెసేజ్ సరిగ్గా చదవలేదని పెద్దాయన అన్నాడు. అప్పుడు రెండో కాగితం బయటికొచ్చింది: లారీ కాటా చీటీ. నిండు లారీ తూకంలోంచి ఖాళీ లారీ తూకం తీసేస్తే 13 టన్నుల పైన కొద్ది కిలోలు, ఆ పైది సంచుల బరువు. 25 కిలోల లెక్కన 500 బస్తాలైతే పన్నెండున్నర టన్నులే ఉండాలి. "అన్నా, మీ గోడౌన్ పుస్తకంలో ఎన్ని కిలోల బస్తా అని ఎక్కించారో ఒకసారి చూడండి" అన్నాడు. గుమాస్తా 26 అనే రాశాడు. దుకాణంలో అమ్ముతున్నదీ ఆ లెక్కనే.

మర్నాడు 26,000 వచ్చింది. అందులోంచి దారిలో చిరిగిన రెండు బస్తాలకు కోత వేసుకుంటానని పెద్దాయన అడిగాడు. మెసేజ్‌లో దాని ఊసే లేదు. వ్యాపారి సగానికి ఒప్పుకున్నాడు. రాయని చోట బేరం మళ్లీ మొదటికే వస్తుంది మరి.

పేచీ కోర్టుదాకా వెళ్తే ఏమయ్యేది? 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది. ఏ మాట అన్నారో రుజువు చేయడమే కష్టం. ఫోన్ మెసేజ్ సాక్ష్యంగా పనికొస్తుంది కానీ, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం దానికి ధ్రువపత్రం జత చేయాలి. ఫోన్ మార్చినప్పుడు పాత సందేశాలు చెరిపేసుకునేవాళ్లకు ఇక్కడే చిక్కు. జవాబు రాకపోయినా చిక్కే, ఎందుకంటే ఊరకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. సరుకు దించుకుని అమ్ముకుంటే ఆ చేత ఒప్పుదల కిందికి రావచ్చు కానీ, ఏ ధరకు ఒప్పుకున్నాడన్న వాదన మిగిలే ఉంటుంది. అందుకే ఈ వ్యాపారి "సరే" అన్న మాట కళ్లబడితే తప్ప హమాలీలను పిలవడు.

మెసేజ్ తీర్చలేని తగాదాలూ ఉన్నాయి. నూక ఎక్కువైందనో, పాత బియ్యంలో కొత్తవి కలిశాయనో పేచీ వస్తే "శాంపిల్ ప్రకారం" అన్న రెండు మాటలు చాలవు. శాంపిల్‌లో సగం సంచిలో కట్టి, తేదీ వేసి తన దగ్గర ఉంచుకోవాలి. మన వ్యాపారి ఆ పని అప్పటికి చేయడం లేదు. ఈ గొడవ తర్వాత మొదలుపెట్టాడు.

పెద్దాయన కొనడం మానలేదు. తర్వాతి లోడుకు వెళ్లిన మెసేజ్‌కు గంటలోనే జవాబు పెట్టాడు: "కిరాయి మొత్తం నాది కాదు. సగం నీది. చిరిగిన బస్తాల సంగతి కూడా రాయి." వ్యాపారి కిరాయికి ఒప్పుకోక క్వింటాలుకు పది రూపాయలు తగ్గించాడు, చిరిగిన బస్తాల మీద ఒక లైను చేర్చాడు. అప్పటికి లారీ ఇంకా మిల్లు గేటు దాకా రాలేదు.